చంద్రకళలు: మూడు నిమిషాల బొమ్మల వీడియోకు మాటలు

యానిమేషన్ పాఠంలో పిల్లల కళ్లకు ఒక పని, చెవులకు ఒక పని ఉంటాయి. ఏది ఎక్కడ ఉందో, ఎటు కదులుతోందో బొమ్మ చూపుతుంది. అది ఎందుకు కదులుతోంది, ఇప్పుడు మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం, తెర మీద కనిపిస్తున్నదాంట్లో ఏది ఉన్నదున్నట్టు, ఏది సౌకర్యం కోసం మార్చి గీసింది అన్నవి చెప్పాల్సింది మాటలే. ఈ పంపకం సరిగ్గా కుదరకపోతే రెండు నష్టాల్లో ఒకటి జరుగుతుంది. మాట బొమ్మనే మళ్లీ చెబుతూ కాలం తినేస్తుంది. లేదంటే బొమ్మ ఒక విషయం, మాట ఇంకో విషయం చెబుతూ పిల్లల దృష్టిని రెండు వైపులా లాగుతాయి.

ఈ రంగంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే పేరు రిచర్డ్ మేయర్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడైన ఈయన, సైకిల్ పంపు ఎలా పనిచేస్తుందో చూపే చిన్న యానిమేషన్‌తో 1990ల మొదట్లో సహపరిశోధకులతో కలిసి ప్రయోగాలు చేశారు. వివరణ, బొమ్మ ఒకేసారి అందినవారు, ఒకదాని తర్వాత ఒకటి అందినవారి కంటే కొత్త సమస్యలను మెరుగ్గా పరిష్కరించగలిగారు. రెండు గుంపులూ విన్న మాటలు అవే, చూసిన బొమ్మలూ అవే. తేడా అంతా అవి కలిసిన క్షణంలో ఉంది. పిడుగు ఎలా పుడుతుందో చెప్పే యానిమేషన్ మీద 2001లో వచ్చిన మరో అధ్యయనంలో, వినిపిస్తున్న వాక్యాలనే తెర అడుగున అక్షరాల్లో కూడా పెడితే నేర్చుకోవడం తగ్గినట్టు తేలింది. అక్షరాలు చదవడానికి కళ్లు కిందికి దిగితే, ఆ కాసేపూ బొమ్మ చూసేవారు ఉండరు.

ఈ సూత్రాలు చదివితే తేలికగానే అనిపిస్తాయి. కాగితం మీద కూర్చునేసరికి ఎక్కడ చిక్కుకుంటాయో తెలియాలంటే ఒక పాఠాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చంద్రకళల మీద మూడు నిమిషాల వీడియో అందుకు బాగా సరిపోతుంది. బొమ్మ లేకుండా ఈ పాఠం అర్థం కావడం కష్టం. మాట లేని బొమ్మ ఈ పాఠాన్ని తప్పుగా నేర్పే ప్రమాదమూ ఉంది.

చాలామంది పిల్లల తలలో, పెద్దల తలలో కూడా ఒక జవాబు ముందే కూర్చుని ఉంటుంది: భూమి నీడ పడటం వల్ల చంద్రుడు సన్నబడతాడని. 1987లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకుంటున్న రోజునే కొందరిని రుతువుల గురించి అడిగితే, ఎక్కువమంది తడుముకోకుండా తప్పు చెప్పారు. చంద్రకళల విషయంలోనూ ఇలాంటి తప్పు ఊహలే ఉంటాయని ఆ చిత్రం చూపింది. తలలో ఉన్న ఈ జవాబును కదిలించకుండా సరైన జవాబును ఎంత చక్కగా చెప్పినా, పిల్లలు దాన్ని విని తమ పాత నమ్మకమే రుజువైందనుకుని వెళ్లిపోతారు.

ఇక్కడే సంభాషణకు అసలు ఉపయోగం ఉంది. ప్రస్తుతం యూట్యూబ్‌లో ‘వెరిటాసియం’ పేరుతో విజ్ఞాన వీడియోలు చేసే డెరెక్ ముల్లర్, సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పూర్తిచేసిన పీహెచ్‌డీ ఇదే విషయం మీద. భౌతికశాస్త్ర పాఠాన్ని ఆయన రెండు విధాలుగా వీడియోలు చేసి పోల్చారు. ఒకదాంట్లో సరైన సంగతి నేరుగా, శుభ్రంగా చెప్పారు. ఇంకోదాంట్లో ఒక విద్యార్థి పాత్ర తన తప్పుడు ఊహను పైకి అంటుంటే, ఇద్దరూ మాట్లాడుకుంటూ దాన్ని విడదీశారు. మొదటి వీడియో స్పష్టంగా ఉందని విద్యార్థులు మెచ్చుకున్నారు. కానీ పరీక్ష పెడితే వాళ్లు నేర్చుకున్నది తక్కువ. రెండో వీడియో గందరగోళంగా ఉందన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు. పాఠ్య వీడియోలో సంభాషణ పెట్టాలంటే ఆ సంభాషణలో ఒకరి దగ్గర తప్పుడు ఊహ ఉండాలి, అది తలూపి ఒప్పుకునేంత సహజంగా ఉండాలి అన్నది దీన్నుంచి రచయిత తీసుకోవాల్సిన మాట.

మామూలుగా కనిపించే సంభాషణలు దీనికి దూరంగా ఉంటాయి. ‘అక్కా, చంద్రకళలు అనగానేమి?’ అని తమ్ముడు అడుగుతాడు. ‘చంద్రుని ప్రకాశవంతమైన భాగపు ఆకారంలో కలిగే మార్పులనే చంద్రకళలు అంటారు’ అని అక్క చెబుతుంది. ‘ఓహో, అలాగా!’ అంటాడు తమ్ముడు. ఇది పాఠ్యపుస్తకంలోని పేరాను ఇద్దరికి పంచి పెట్టడమే. తమ్ముడికి ఒక ఆలోచన లేదు కాబట్టి మారడానికి ఏమీ లేదు. వీడియోలో నాలుగు వాక్యాల వ్యాఖ్యానంతో అయిపోయే పనికి ఇరవై సెకన్లు పోయాయి, పైగా తెర మీద ఇద్దరి నోళ్లు కదలడం తప్ప చూడటానికి ఏమీ లేకపోయింది.

అదే ఘట్టాన్ని శుక్ల అష్టమి సాయంత్రం, పొద్దు వాలే వేళ, మేడ మీదికి తెస్తే బొమ్మకు పని దొరుకుతుంది. ఆ వేళకు సగం చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. సూర్యుడు పడమటి అంచున ఉంటాడు. నీళ్ల ట్యాంకుకు, పిట్టగోడకు, పిల్లలకు పొడవైన నీడలు తూర్పు వైపు సాగి ఉంటాయి. సాక్ష్యమంతా తెర మీదే ఉంది. మాట దాన్ని వేలు పెట్టి చూపిస్తే చాలు.

తమ్ముడు: అక్కా, చంద్రుడు ఇవ్వాళ సగమే ఉన్నాడు.
అక్క: మిగతా సగం ఏమైంది?
తమ్ముడు: భూమి నీడ పడింది కదా!
అక్క: అలాగా. నీ నీడ ఎటు పడింది?
తమ్ముడు: ఇదిగో, ఇటు. తూర్పుకి.
అక్క: ఈ ట్యాంకుది?
తమ్ముడు: అదీ ఇటే.
అక్క: మరి భూమి నీడ ఎటు పడాలి?
తమ్ముడు: తూర్పుకే… (తల ఎత్తి) కానీ చంద్రుడు అక్కడ లేడే.

ఈ తొమ్మిది మాటల్లో అక్క ఒక్క శాస్త్ర విషయమూ చెప్పలేదు. అడుగుతూ పోయింది. ‘ఇదిగో’, ‘ఇటు’, ‘అక్కడ’ వంటి మాటలు ఒక్క కాగితం మీద చదివితే అసంపూర్ణంగా ఉంటాయి. బొమ్మ పక్కన ఉంటేనే పూర్తవుతాయి. అది లోపం కాదు, రాత సరైన దారిలో ఉందనడానికి గుర్తు. చివరి మాట తర్వాత రెండు సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. తమ్ముడు తల ఎత్తి చూస్తుంటే, తూర్పు అంచు నుంచి చంద్రుడి దాకా కెమెరా నెమ్మదిగా కదిలే ఆ రెండు సెకన్లలో చూసే పిల్లలకు కూడా అదే అనుమానం పుట్టాలి. స్క్రిప్టులో ఆ నిశ్శబ్దాన్ని ‘2 సె. మాట లేదు’ అని రాసిపెట్టాలి. రాయకపోతే ఎడిటింగ్‌లో అది ఖాళీగా కనిపించి కత్తెరకు పోతుంది.

పిలుపుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్క తమ్ముణ్ణి పేరుతోనో ‘ఒరేయ్’ అనో పిలుస్తుంది, తమ్ముడు ‘అక్కా’ అంటాడు. ఇద్దరి మధ్య ‘దయచేసి’, ‘ధన్యవాదాలు’ ఉండవు. యాస విషయంలో ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటే వీడియో మొత్తం అదే నిలపాలి. మొదటి వాక్యంలో ‘ఏంది’ అని, మూడో వాక్యంలో ‘ఏంటి’ అని వస్తే పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఆ పాత్ర నిజమైన మనిషి కాదని వాళ్లకు తెలిసిపోతుంది.

మేడ మీది ఘట్టం అరనిమిషంలో ముగుస్తుంది. తర్వాత బొమ్మ అంతరిక్షంలోకి వెళ్లాలి, సంభాషణ స్థానంలోకి వ్యాఖ్యానం రావాలి. ఈ పాఠంలో అతి కష్టమైన మలుపు ఇదే. చాలా వీడియోలు ఇక్కడే పిల్లలను వదిలేసి పోతాయి.

కారణం, చూసే చోటు మారిపోవడం. అప్పటిదాకా భూమి మీద నిలబడి పైకి చూస్తున్న పిల్లలు, ఒక్కసారిగా భూమి ఉత్తర ధ్రువం పైన తేలుతూ కిందికి చూస్తున్నారు. సూర్యకాంతి తెర ఎడమ వైపు నుంచి వస్తోందనుకుందాం. మధ్యలో భూమి. దాని చుట్టూ చంద్రుడు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతున్నాడు. ఎక్కడ ఉన్నా చంద్రుడికి ఎడమ సగం వెలుగులో, కుడి సగం చీకట్లో ఉంటుంది. శుక్ల అష్టమి నాటికి చంద్రుడు తెరలో భూమికి కింది వైపున ఉంటాడు. ఇప్పుడు పిల్లలకు కనిపించే బొమ్మలో వెలుగు ఎడమ పక్కన ఉంది. కానీ మేడ మీద నిలబడి, దక్షిణం వైపు ముఖం పెట్టి తల ఎత్తి చూసినప్పుడు వెలుగు కుడి పక్కన, పడమటి వైపున కనిపించింది. రెండూ నిజమే. భూమి మీద నిలబడి చంద్రుడి వైపు తిరిగినవాడికి సూర్యుడు కుడిచేతి వైపు ఉంటాడు మరి. ఈ సంగతి మాట చెప్పకపోతే శ్రద్ధగా చూసే పిల్లలే ముందుగా తికమకపడతారు. ఏమీ పట్టని పిల్లలకు అనుమానమే రాదు. శ్రద్ధకు శిక్ష పడేలా పాఠం ఉండకూడదు.

అందుకని కెమెరా తిరిగే మూడు నాలుగు సెకన్లలో శాస్త్రం చెప్పకూడదు. ప్రయాణం గురించి మాత్రమే చెప్పాలి. ‘ఇప్పుడు భూమిని వదిలి పైకి వెళ్దాం. ఉత్తర ధ్రువం మీద ఆగాం. కింద భూమి. ఎడమ వైపు నుంచి ఎండ వస్తోంది.’ బొమ్మ నిలకడగా ఆగాక, ‘చంద్రుణ్ణి చూడండి. ఒక సగం వెలుగు. ఒక సగం చీకటి.’ చంద్రుడు ఒక చుట్టు పూర్తిగా తిరిగే దాకా అంతే. ఆ చుట్టులో వెలిగే సగం మారడం లేదని పిల్లలే గమనించాలి. ఆ తర్వాతే తెరను రెండుగా చేసి, ఎడమ పక్క పైనుంచి చూసే బొమ్మ, కుడి పక్క మేడ మీంచి కనిపించే చంద్రుడు పెట్టాలి. అప్పుడు వ్యాఖ్యానం చెప్పాల్సిన ముఖ్యమైన వాక్యం ఇది: ‘చంద్రుడు ఎప్పుడూ సగం వెలుగుతూనే ఉంటాడు. ఆ వెలుగులో మన వైపు తిరిగి ఉన్నదే మనకు కనిపిస్తుంది.’

తెలుగులో రాసేటప్పుడు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ ముందు వచ్చి, దేని గురించి చెబుతున్నామో ఆ నామవాచకం చివర వస్తుంది. దాని తర్వాత క్రియ. ఒక ముసాయిదాలో ఇలాంటి వాక్యం ఉందనుకుందాం: ‘సూర్యకాంతి నేరుగా పడుతున్న, అయితే భూమి మీద ఉన్న మనకు కనిపించని వైపుకు తిరిగి ఉన్న చంద్రుని అర్ధభాగాన్ని గమనించండి.’ వ్యాకరణం సరిగానే ఉంది. పుస్తకంలో అయితే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతుంది. చెవికి ఆ వీలు లేదు. ‘అర్ధభాగాన్ని’ వచ్చేదాకా దేన్ని చూడాలో తెలియక పిల్లలు ఐదారు సెకన్లు తెర అంతా వెతుకుతారు. ఈలోగా యానిమేటర్ ఆ భాగాన్ని వాక్యం మొదట్లోనే మెరిపిస్తే, ఎందుకు మెరిసిందో తెలియదు. చివర్లో మెరిపిస్తే, అప్పటికి ముందు చెప్పిన సంగతులు జారిపోయి ఉంటాయి.

దీనికి మందు వాక్యాన్ని విరిచి, చూడాల్సిన వస్తువును ముందుకు తేవడం. ‘చంద్రుడి ఈ సగం చూడండి. దీని మీద ఎండ పడుతోంది. కానీ ఇది మనకు కనిపించదు. ఎందుకంటే ఇది అవతలి వైపుకు తిరిగి ఉంది.’ ‘ఈ సగం’ అన్న మాటకే మెరుపు రావాలి. స్క్రిప్టులో ఆ మాట కింద గీత గీసి, ఎదురు గడిలో ‘ఇక్కడ మెరుపు’ అని రాస్తే యానిమేటర్‌కు ఇంకే వివరణా అక్కర్లేదు. ఇంగ్లిష్ స్క్రిప్టు నుంచి తెలుగు చేసిన వీడియోల్లో మాటకూ బొమ్మకూ పొంతన లేకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఇంగ్లిష్‌లో వస్తువు పేరు ముందు వచ్చి, దాని వివరాలు తర్వాత వస్తాయి. బొమ్మలోని మెరుపులు ఆ వరుసకు కట్టి ఉంటాయి. తెలుగు వాక్యం ఆ వరుసను తలకిందులు చేస్తుంది. బొమ్మను మార్చే వీల్లేనప్పుడు, వాక్యాలను చిన్నవి చేసి వస్తువు పేరు మెరుపు దగ్గర పడేలా తిరగరాయడమే దారి.

చెవికి ఒకేలా వినిపించే శాస్త్ర పదాలది ఇంకో చిక్కు. భ్రమణం, పరిభ్రమణం అన్నవి చదివితే వేరు, తరగతి గదిలో ఫ్యాన్ల చప్పుడు మధ్య స్పీకర్లో వింటే దాదాపు ఒకటే. మొదట ‘తన చుట్టూ తాను తిరగడం’, ‘భూమి చుట్టూ తిరగడం’ అని చెప్పి, బొమ్మలో అది జరుగుతుండగా పదాన్ని ఒక్కసారి పలికి, తిరిగే వస్తువు పక్కనే ఆ ఒక్క పదాన్ని అక్షరాల్లో చూపితే చాలు. పూర్తి వాక్యాలు తెర మీద వద్దన్న నియమానికి ఇది అడ్డు కాదు. బొమ్మకు ఆనుకుని ఉండే ఒకటి రెండు పదాలు కంటికి భారం కావు. వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం, బోధన జరిగే భాష ఇంకా పట్టుబడని పిల్లల కోసం పూర్తి అక్షరాలు తప్పనిసరి కాబట్టి, వాటిని కావాలంటే పెట్టుకునేలా, వద్దంటే తీసేసేలా విడిగా ఇవ్వడం మంచిది.

బొమ్మ చెప్పే అబద్ధాలను సరిదిద్దడం వ్యాఖ్యానం పనే. భూమికీ చంద్రుడికీ మధ్య దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. అంటే మధ్యలో దాదాపు 30 భూములను వరుసగా పేర్చవచ్చు. ఈ కొలతతో గీస్తే తెర మీద భూమి, చంద్రుడు చుక్కలైపోతాయి. అందుకే ప్రతి వీడియోలోనూ చంద్రుణ్ణి పెద్దది చేసి దగ్గరికి లాగుతారు. అలా లాగిన బొమ్మలో పున్నమి నాడు చంద్రుడు భూమి నీడలో కూర్చున్నట్టే కనిపిస్తాడు. మేడ మీద కష్టపడి పోగొట్టిన తప్పుడు ఊహను ఈ బొమ్మ వెనక్కి తెస్తుంది. ‘బొమ్మలో చంద్రుడు దగ్గరగా ఉన్నాడు. నిజానికి ఎంత దూరమో చూడండి’ అని చెప్పి, నాలుగు సెకన్లు అసలు కొలత చూపాలి. ఆ వెంటనే పక్క నుంచి చూపిస్తే, చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉందని, అందువల్ల చాలా పున్నములకు చంద్రుడు నీడకు పైగానో కిందిగానో దాటిపోతాడని కనిపిస్తుంది. ‘ఎప్పుడైనా నేరుగా నీడలోకి వస్తే?’ అని తమ్ముడి గొంతు అడగాలి. ‘అప్పుడు చంద్రగ్రహణం.’ అతని పాత ఊహకు ఒక చోటు దొరికింది. భూమి నీడ చంద్రుడి మీద పడేది గ్రహణం నాడేనని ఇప్పుడు అతనికి తెలుసు.

ఆకాశం బొమ్మ విషయంలో మన ప్రాంతానికి చెందిన ఒక సంగతి ఉంది. ఉత్తరాన దూరంగా ఉన్న దేశాల పుస్తకాల్లో నెలవంక ఎక్కువగా నిలబడి ఉంటుంది. తెలుగు నేల భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి, ఉగాది దాటిన రెండు మూడు రోజులకు పడమట కనిపించే నెలవంక దాదాపు వెల్లకిలా, కొమ్ములు పైకి పెట్టి ఉంటుంది. వినాయక చవితి నాటి నెలవంక పక్కకు వాలి ఉంటుంది. ఎక్కడిదో నిలబడిన నెలవంకను తెచ్చి అతికించి, ‘పొద్దుగూకాక పడమర చూస్తే ఇలా కనిపిస్తుంది’ అని వ్యాఖ్యానం చెబితే, ఆ సాయంత్రం నిజంగా బయటికి వెళ్లి చూసిన పిల్లలకు వీడియో తప్పని తేలుతుంది. బొమ్మ మార్చడం కుదరకపోతే మాటనైనా మార్చి, ‘ఈ ఆకారం’ అనకుండా ‘ఇంత సన్నగా’ అనాలి.

నిడివి లెక్క చివర్లో వేసుకునేది కాదు. ఇంగ్లిష్ వ్యాఖ్యానానికి నిమిషానికి 130 నుంచి 150 మాటలన్న అంచనా ఉంది. విభక్తులు, ప్రత్యయాలు కలిసిపోయే తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి అది ఇక్కడ పనికిరాదు. నమ్మదగిన కొలత ఒకటే. స్క్రిప్టును గట్టిగా, పిల్లలకు చెప్పే వేగంతో చదివి ఫోన్‌లో రికార్డు చేయడం. మూడు నిమిషాల వీడియోకు ఈ ట్రాక్ రెండు నిమిషాల ఇరవై సెకన్లకు మించకుండా చూస్తే, బొమ్మ ఒంటరిగా పనిచేసే క్షణాలకు చోటు మిగులుతుంది. ఈ ట్రాక్ మీద స్టోరీబోర్డు బొమ్మలను పరిచి చూసేదే యానిమేటిక్. అసలు యానిమేషన్ మొదలయ్యాక ఒక వాక్యం మార్చాలంటే కదలికలు మళ్లీ గీయాలి. యానిమేటిక్ దశలో అయితే ఒక గీత కొట్టేస్తే సరిపోతుంది.

ఆ దశలోనే రెండు పరీక్షలు చేస్తారు. మొదటిది, ధ్వని తీసేసి చూడటం. ఏం జరుగుతోందో తెలియాలి, ఎందుకో తెలియకూడదు. ‘ఎందుకు’ కూడా తెలిసిపోతే మాటలు అనవసరం. రెండోది, కళ్లు మూసుకుని వినడం. పాఠం మొత్తం అర్థమైపోతే అది రేడియో ప్రసంగం, బొమ్మలు అలంకారం. ‘ఈ సగం’, ‘అటు’ దగ్గర చెవి ఆగి, చూడాలనిపిస్తే ఆ చోట మాట, బొమ్మ కలిశాయి. చూపు లేని పిల్లలకు ఇచ్చే ప్రతికి మాత్రం ఆ చోట్లలో దిక్కులు, వస్తువుల పేర్లు విప్పి చెప్పే వేరే వ్యాఖ్యానం రాయాలి.

చివరి పరీక్ష పిల్లల దగ్గరే. వీడియో ఎలా ఉందని అడిగితే బాగుందంటారు. ముల్లర్ పరిశోధన గుర్తుంటే ఆ జవాబుకు విలువ లేదని తెలుస్తుంది. వాళ్లకు ఒక కాగితం ఇచ్చి, అష్టమి నాటి సూర్యుడు, భూమి, చంద్రుణ్ణి గీసి, మేడ మీద నిలబడిన మనిషికి చంద్రుడు ఎలా కనిపిస్తాడో పక్కన గీయమనాలి. భూమి నుంచి చంద్రుడి మీదికి ఎవరైనా నీడ గీస్తే, మేడ ఘట్టంలో ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం సరిపోలేదని, లేదా దూరం చూపిన నాలుగు సెకన్లు చాలలేదని అర్థం. చంద్రుణ్ణి సరైన చోట గీసి, వెలుగును మాత్రం ఎడమ పక్కన పెడితే, కెమెరా తిరిగిన చోట వ్యాఖ్యానం దారి తప్పించింది. ఏ తప్పు ఎక్కువ కాగితాల్లో కనిపిస్తే స్క్రిప్టులో ఆ వాక్యం దగ్గరికి వెళ్లి, దాన్ని తిరగరాసి, మళ్లీ ఫోన్‌లో చదివి, అదే ఈడు పిల్లలకు ఇంకో తరగతిలో చూపిస్తారు.